నైట్ డ్యూటీ డబ్బు సరిగ్గా పడిందో లేదో ఎలా లెక్క చూసుకోవాలి: హాస్పిటల్, కాల్ సెంటర్ ఉద్యోగులకు

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడున్నరకి నిలబడితే, డ్యూటీ బ్యాగుతో ఆటో దిగే సిస్టర్లు వరసగా కనిపిస్తారు. ఆమదాలవలస నుంచి, నరసన్నపేట నుంచి, ఎచ్చెర్ల నుంచి వచ్చి ఎనిమిదికల్లా వార్డులో ఉండాలి. మళ్లీ బయటికి వచ్చేది పొద్దున్న ఎనిమిది దాటాకే. వీళ్లలో చాలామందిని "నైట్‌కి ఎంత ఇస్తారమ్మా?" అని అడిగితే చటుక్కున చెప్పేస్తారు: వంద, నూట యాభై. "ఓటీ ఎంత?" అంటే మాత్రం, "మాకు ఓటీ ఏమీ లేదండి, నైట్ అలవెన్సే ఇస్తారు" అంటారు.

అసలు నష్టం జరిగేది ఈ మాట దగ్గరే. నైట్ అలవెన్స్ ఒక లెక్క, ఓవర్‌టైమ్ ఇంకో లెక్క. ఒకటి ఇచ్చినంత మాత్రాన రెండోది తీరిపోదు. మీ జీతం స్లిప్పులో ఈ రెండూ వేర్వేరుగా ఉన్నాయా, ఉంటే లెక్క సరిపోయిందా అన్నది మీ అంతట మీరే ఎలా చూసుకోవాలో చెబుతాను.

ముందు మీకు ఏది హక్కో, ఏది ఒప్పందమో తేల్చుకోండి

ప్రైవేటు హాస్పిటల్లోగానీ, కాల్ సెంటర్లోగానీ "రాత్రి పనిచేస్తే ఇంత అలవెన్స్ ఇవ్వాలి" అని రేటు కట్టిన చట్టం లేదు. చాలామందికి ఇది నచ్చదు, కానీ వాస్తవం ఇదే. నైట్ అలవెన్స్ మీకూ యాజమాన్యానికీ మధ్య ఒప్పందం. అది అపాయింట్‌మెంట్ ఆర్డర్లోనో, హెచ్ఆర్ పాలసీలోనో, ఒక సర్క్యులర్లోనో ఉండాలి. కాగితం మీద రాసి ఉంటే ఇచ్చి తీరాలి. కాగితం లేకపోయినా ఏళ్ల తరబడి అందరికీ ఇస్తూ వచ్చిన దాన్ని హఠాత్తుగా ఆపేస్తే ప్రశ్నించవచ్చు, పాత స్లిప్పులే అప్పుడు మీకు ఆధారం.

ఓవర్‌టైమ్ అలా కాదు. అది చట్టం ఇచ్చిన హక్కు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, నిర్ణీత పని గంటలు దాటాక చేసిన ప్రతి గంటకూ మామూలు రేటుకి రెట్టింపు కంటే తక్కువ కాకుండా ఇవ్వాలి. మన రాష్ట్రంలో షాపులు, సంస్థల చట్టాన్ని 2025లో సవరించి రోజువారీ గరిష్ఠ పరిమితిని 10 గంటలకి పెంచారు. కానీ వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. అందుకే నేను ఎప్పుడూ వారం లెక్కే వేయమంటాను. రోజుకి ఎనిమిదా పదా అన్న వాదనలోకి వెళ్లకుండానే, వారంలో 48 దాటిన గంటలు ఎన్నో చూపిస్తే ఎదుటివాళ్లు కాదనడానికి దారి ఉండదు.

ఇన్‌ఛార్జి సిస్టర్‌కో, టీమ్ లీడర్‌కో "మీరు సూపర్‌వైజర్లు, మీకు ఓటీ వర్తించదు" అని చెప్పడం మామూలు. హోదా పేరు ఒక్కటే చాలదు. రోజంతా మీరు ఇంజెక్షన్లు, డ్రిప్పులు చూస్తూ ఛార్ట్ రాస్తుంటే మీ అసలు పని ఏమిటన్నది దాన్నిబట్టే తేలాలి.

డ్యూటీ ఛార్టు మీ దగ్గర ఉండాలి

ఏ లెక్కకైనా పునాది ఇదే. వార్డు గోడ మీద అంటించిన డ్యూటీ ఛార్టుని ప్రతి వారం ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. మధ్యలో మార్పు జరిగితే, అంటే ఒకరి బదులు ఒకరు చేస్తే, ఇన్‌ఛార్జికి వాట్సాప్‌లో ఒక లైను పెట్టండి: "మేడమ్, ఈ రాత్రి ఫలానా వార్డులో నేను చేస్తున్నాను". నోటిమాటతో మార్చుకున్న డ్యూటీలే నెలాఖరున గల్లంతవుతాయి. హ్యాండోవర్ రిజిస్టర్లో మీరు ఎన్నింటికి ఛార్జి తీసుకున్నారో, ఎన్నింటికి అప్పగించారో టైము వేసి సంతకం చేయడం అలవాటు చేసుకోండి. పొద్దున్న డ్యూటీ సిస్టర్ 8:40కి వస్తే 8:40 అనే రాయాలి, అలవాటుగా 8:00 అని వేసేయకూడదు.

కాల్ సెంటర్ వాళ్లకి లాగిన్, లాగౌట్ రిపోర్టు ఉంటుంది. మీ పోర్టల్లో నెలాఖరుకి ముందే దాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ఉద్యోగం మానేసిన రోజే ఆ పోర్టల్ మూసుకుపోతుంది, ఆ తర్వాత అడిగితే దొరకడం కష్టం.

రాత్రి 12 దాటిన గంటలు ఏ రోజువి?

ఎక్కువ గొడవలు ఇక్కడే. 14వ తేదీ రాత్రి 8కి డ్యూటీ ఎక్కి, 15 పొద్దున్న 8కి దిగారు. 12 తర్వాత చేసిన ఎనిమిది గంటలు 15వ తేదీవా? కావు. షిఫ్టు అర్ధరాత్రి దాటి సాగితే, 12 తర్వాత చేసిన గంటలన్నీ ముందు రోజు లెక్కలోకే వస్తాయి. ఫ్యాక్టరీల చట్టంలో ఎప్పటి నుంచో ఉన్న ఈ నియమమే, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకీ ఉంది. అంటే ఆ రాత్రి మొత్తం 14వ తేదీదే. అలాగే 31 రాత్రి ఎక్కిన డ్యూటీ ఆ నెలదే, వచ్చే నెలది కాదు.

బయోమెట్రిక్ మెషీన్‌కి మాత్రం ఈ సంగతి తెలియదు. దాన్ని డే డ్యూటీకి సెట్ చేసి వదిలేస్తే, 14న 8 గంటల పంచ్‌కి "అవుట్ లేదు" అనీ, 15 పొద్దున్న 8 గంటల పంచ్‌ని కొత్త "ఇన్" అనీ రాసుకుంటుంది. ఆ రోజంతా అవుట్ లేదు కాబట్టి దాన్ని ఆబ్సెంటో, హాఫ్ డేనో చేస్తుంది. నిండుగా పన్నెండు గంటలు చేసిన మనిషికి స్లిప్పులో ఒక రోజు జీతం కోత, ఆ నైట్ అలవెన్స్ కూడా పోతుంది. నైట్లు చేసిన నెలలోనే లాస్ ఆఫ్ పే రోజులు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. అటెండెన్స్ షీటు తెరిచి, మీ నైట్ తేదీల ఎదురుగా "మిస్ పంచ్" అని ఉందేమో చూడండి. ఉంటే ఛార్టు ఫోటో, హ్యాండోవర్ పేజీ ఫోటో జతచేసి, జీతం తయారయ్యేలోపే రెగ్యులరైజ్ చేయమని రాయండి. జీతం పడ్డాక అయితే అరియర్స్ కింద వచ్చే నెలకి పోతుంది.

వారపు సెలవు: నిద్రపోయిన పగలు సెలవు కాదు

శనివారం రాత్రి 8కి ఎక్కి, ఆదివారం పొద్దున్న 8కి దిగారనుకోండి. ఛార్టులో ఆదివారం ఎదురుగా "ఆఫ్" అని ఉంది. మళ్లీ ఆదివారం రాత్రి 8కి రమ్మన్నారు. "పగలంతా ఇంట్లోనే ఉన్నారు కదా, ఆఫ్ ఇచ్చినట్టే" అంటారు. అది ఆఫ్ కాదు, రెండు షిఫ్టుల మధ్య విరామం మాత్రమే. నైట్ డ్యూటీ చేసేవాళ్లకి వారపు సెలవు అంటే, షిఫ్టు ముగిసిన క్షణం నుంచి వరసగా 24 గంటలు. ఇక్కడ ఆదివారం పొద్దున్న 8 నుంచి సోమవారం పొద్దున్న 8 వరకు. ఆ మధ్యలో పిలిస్తే మీకు ఆ వారం సెలవు ఇవ్వనట్టే, దానికి బదులు సెలవు రావాలి.

ఛార్టులో ప్రతి ఆఫ్ దగ్గర ఆగి రెండు టైములు రాసుకోండి: ముందు షిఫ్టు దిగిన టైము, తర్వాతి షిఫ్టు ఎక్కిన టైము. మధ్యలో 24 లేకపోతే ఆ ఆఫ్‌ని ఎర్ర పెన్నుతో చుట్టండి.

ఒక నెల లెక్క మొత్తం వేసి చూద్దాం

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సు అనుకుందాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి, మీవి పెట్టి ఇలాగే చేసుకోండి. బేసిక్, డీఏ కలిపి ₹15,600. ఇంటద్దె అలవెన్స్ ₹3,200, కన్వేయన్స్ ₹2,000. మొత్తం ₹20,800. నైట్‌కి ₹100 అలవెన్స్.

ముందు గంట రేటు కట్టాలి. నెలకి 26 పని దినాలు, రోజుకి 8 గంటలు, అంటే 208 గంటలు. ₹15,600ని 208తో భాగిస్తే గంటకి ₹75. రెట్టింపు ₹150. ఇంటద్దె, కన్వేయన్స్ ఇందులో కలపలేదు, ఎందుకంటే వేతనాల కోడ్ వాటిని వేతనం నుంచి మినహాయించింది. అయితే ఇక్కడ ఒక కట్టడి ఉంది. ఇలా మినహాయించేవన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. మన ఉదాహరణలో ₹20,800కి ₹5,200 అంటే పావు వంతే కాబట్టి ఆ బెడద లేదు. మీ స్లిప్పులో బేసిక్‌ని చిన్నగా పెట్టి మిగతాదంతా రకరకాల అలవెన్సులుగా చూపించి ఉంటే మాత్రం ఈ సగం లెక్క తప్పకుండా వేయండి, మీ ఓటీ రేటు పెరుగుతుంది.

ఇప్పుడు గంటలు. ఈ సిస్టర్‌కి నెలలో రెండు వారాలు డే డ్యూటీ, రోజుకి 8 గంటల చొప్పున ఆరు రోజులు, అంటే వారానికి సరిగ్గా 48. ఓటీ లేదు. ఇంకో రెండు వారాలు నైట్లు, రాత్రి 8 నుంచి పొద్దున్న 8 వరకు, వారానికి ఆరేసి. ఒక్కో నైట్‌లో ఒక గంట విశ్రాంతి ఉంది, ఆ గంట ఇంకో సిస్టర్ వార్డు చూసుకుంటుంది. కాబట్టి పని గంటలు 11. ఆరు నైట్లకి 66. అందులోంచి 48 తీసేస్తే 18 గంటల ఓటీ. రెండు వారాలకి 36 గంటలు.

36 గంటలని ₹150తో గుణిస్తే ₹5,400. ఇది ఓవర్‌టైమ్. పన్నెండు నైట్లకి ₹100 చొప్పున ₹1,200. ఇది నైట్ అలవెన్స్. ఆ నెల జీతం మీద అదనంగా రావాల్సింది ₹6,600. స్లిప్పులో కనిపించేది మాత్రం "నైట్ అలవెన్స్ ₹1,200", ఓటీ గడిలో సున్నా. ఏడాదిలో నాలుగు నెలలు ఇలా చేసినా, ఓటీ ఒక్కటే ₹21,600 అవుతుంది. ఆ డబ్బు పిల్లల ఫీజు, ఇంటి అద్దె. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

ఆ ఒక గంట విశ్రాంతి గురించి కాస్త నిక్కచ్చిగా ఉండాలి. కాగితం మీద గంట విశ్రాంతి ఉండి, నిజానికి వార్డులో మీరు ఒక్కరే ఉంటే, కుర్చీలో కూర్చుని అన్నం తింటున్నా బెల్ మోగితే లేవాల్సిందే. అలాంటి గంటని విశ్రాంతి అనలేం, అది పనే. అప్పుడు నైట్‌కి 12 గంటలు, వారానికి 72, ఓటీ 24. రిలీవర్ ఎవరు వచ్చారో రిజిస్టర్లో లేదంటే ఆ గంటని పనిగానే రాసుకోండి.

హాస్పిటళ్లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. వారానికి నాలుగే నైట్లు, ఒక్కోటి 12 గంటలు, మొత్తం 48. దీంట్లో వారం లెక్కన ఓటీ తేలదు. అలాంటి చోట ఛార్టు నాలుగని చెప్పి, ఐదో నైట్‌కి "ఎమర్జెన్సీ" అని పిలిచారా లేదా అన్నదే చూసుకోవాలి. ఆ ఐదో నైట్ గంటలన్నీ ఓటీయే.

కాల్ సెంటర్ వాళ్ల లెక్క వేరు

విజయనగరం నుంచి విశాఖ వెళ్లి నైట్ షిఫ్టులు చేసేవాళ్లు, ఇంట్లో నుంచే లాగిన్ అయ్యేవాళ్లు మన దగ్గర బాగానే ఉన్నారు. వీళ్లకి సాధారణంగా 9 గంటల షిఫ్టు, అందులో గంట బ్రేకు, వారానికి ఐదు రోజులు. అంటే 40 పని గంటలు. వారాంతంలో ఆరో రోజు పిలిచినా 48 దాటదు. కాబట్టి చట్టం ప్రకారం ఓటీ అడగడానికి పెద్దగా తావు ఉండదు. ఆ ఆరో రోజుకి ఏమిస్తారన్నది కంపెనీ పాలసీ మీదే ఆధారపడుతుంది. ఇక్కడ డబ్బు పోయేది షిఫ్ట్ అలవెన్స్ అర్హత షరతుల్లో.

పాలసీ కాపీ తీసుకుని మూడు సంగతులు వెతకండి. అలవెన్స్ రోజుకి ఇస్తారా, నెలకి ఒక మొత్తమా? ఏ టైము మధ్య ఎన్ని గంటలుంటే పూర్తి అలవెన్స్? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్క? చాలా చోట్ల జీతం 1 నుంచి 30కి వేసినా, అటెండెన్స్ గత నెల 21 నుంచి ఈ నెల 20 వరకు తీసుకుంటారు. ఈ నెల 25న చేసిన నైట్ ఈ స్లిప్పులో కనిపించదు, వచ్చే నెలలో వస్తుంది. లేదన్న కంగారుతో హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టే ముందు ఈ ఒక్కటి సరిచూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఉద్యోగం మానేసేటప్పుడు మాత్రం ఆ మిగిలిన పది రోజుల అలవెన్స్ ఫైనల్ సెటిల్‌మెంట్లో వేశారా అని తప్పకుండా చూడాలి. మానేసిన రెండు పని దినాల్లోపు వేతనం మొత్తం చెల్లించాలని కోడ్ చెబుతోంది.

అమెరికా ప్రాసెస్ వాళ్లకి ఇంకో మెలిక ఉంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9కి మొదలయ్యే పని, వేసవిలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. తొమ్మిది గంటల షిఫ్టు అయితే వేసవిలో తెల్లవారుజామున 3:30కి, చలికాలంలో 4:30కి ముగుస్తుంది. ఇప్పుడు పాలసీలో "రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య కనీసం 6 గంటలు ఉంటే పూర్తి అలవెన్స్" అని ఉందనుకోండి. వేసవిలో మీకు ఆ కిటికీలో పడేది ఐదున్నర గంటలే, చలికాలంలో ఆరున్నర. అంటే నవంబర్ నుంచి మార్చి వరకు మీరు పూర్తి అలవెన్స్‌కి అర్హులు. కానీ సిస్టమ్‌లో మీ షిఫ్టు కోడ్ వేసవిదే ఉండిపోతే సగం అలవెన్సే పడుతూ పోతుంది. నవంబర్ మొదటి వారంలో మీ షిఫ్టు కోడ్ మారిందో లేదో పోర్టల్లో ఒకసారి చూడండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే

రైల్వే లాంటి కేంద్ర సంస్థల హాస్పిటళ్లలో పనిచేసేవాళ్లకి ప్రభుత్వమే లెక్క కట్టింది. 2020 జూలై 13 నాటి ఉత్తర్వు ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య చేసిన ప్రతి గంటకీ 10 నిమిషాల వెయిటేజి, అంటే ఆ 10 నిమిషాల డబ్బు అదనం. గంట రేటు అంటే బేసిక్, డీఏ కలిపి 200తో భాగించడం. బేసిక్ ₹18,000 ఉన్న వార్డు అటెండెంట్‌కి, డీఏ 58 శాతం ఉన్నప్పుడు, రెండూ కలిపి ₹28,440. గంటకి ₹142.20. ఎనిమిది రాత్రి గంటలకి 80 నిమిషాలు, అంటే ₹189.60.

దీనికి బేసిక్ ₹43,600 దాటకూడదన్న పరిమితి ఉంది. ఏడో లెవెల్లో చేరే స్టాఫ్ నర్సు బేసిక్ ₹44,900తోనే మొదలవుతుంది కాబట్టి చేరిన రోజే ఆ హద్దు దాటేస్తారు. పక్కనే పనిచేసే అటెండెంట్‌కి వచ్చేది మీకు రాకపోవడానికి కారణం ఇదే, ఎవరో ఆపేయడం కాదు. అలాగే, రాత్రి పనిని దృష్టిలో పెట్టుకుని మీ డ్యూటీ గంటల్నే ముందే తగ్గించి ఉంటే ఈ అలవెన్స్ విడిగా రాదు.

తేడా తేలితే ఏం చేయాలి

నోటితో అడగకండి. ఒక పేజీ చాలు: వారం, డ్యూటీ తేదీలు, ఎక్కిన టైము, దిగిన టైము, పని గంటలు, 48 పైన ఎన్ని, రేటు, రావాల్సింది, ఇచ్చింది. కింద ఛార్టు ఫోటోలు. దాన్ని హెచ్ఆర్‌కి మెయిల్ చేయండి, మెయిల్ లేని చిన్న హాస్పిటల్ అయితే రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. మొదటి ఉత్తరంలో గొడవ భాష వద్దు. "ఈ గంటలకి ఓవర్‌టైమ్ కనిపించడం లేదు, సరిచూడగలరు" అంటే చాలు. చాలాసార్లు "నైట్ అలవెన్స్‌లోనే ఓటీ కలిసి ఉంది" అని జవాబు వస్తుంది. అలా వస్తే ఆ మాటని రాతపూర్వకంగా ఇమ్మనండి. ఎందుకంటే ₹1,200లో ₹5,400 ఎలా కలిసి ఉంటుందో వాళ్లే చూపించాల్సి వస్తుంది. మీరు వేతనం అందలేదని క్లెయిమ్ వేసినప్పుడు, ఇచ్చామని నిరూపించే బాధ్యత యాజమాన్యం మీదే ఉంటుందని కోడ్ చెబుతోంది.

అక్కడ తేలకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి అదే పేజీ, అదే ఫోటోలు తీసుకెళ్లండి. ఒకరే వెళ్లడానికి భయంగా ఉంటే అదే ఛార్టులో ఉన్న ముగ్గురు నలుగురు కలిసి సంతకాలు పెట్టి వెళ్లడం మేలు. క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువు ఉంది కాబట్టి ఉద్యోగంలో ఉండగా అడగలేనివాళ్లు మానేశాకైనా అడగవచ్చు. మహిళలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరుని ఇస్తారు, ఆ సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

ఈ నెల జీతం పడేలోపు గత నెల ఛార్టు ఫోటోలు బయటికి తీసి, ఒక్క నైట్ వారానికి గంటలు కూడండి. 48 దాటితే, మిగతా వారాలకీ అదే కాగితం మీద లెక్క రాయడం మొదలుపెట్టండి.